రివార్డ్ మోడల్స్, ప్రిఫరెన్స్ ట్యూనింగ్: తరచుగా అడిగే ప్రశ్నలు

లాంగ్వేజ్ మోడల్స్ గురించి చదవడం మొదలుపెట్టినవాళ్ళు ప్రీట్రైనింగ్ దాకా బాగానే వస్తారు, ఆ తరవాత ఆర్‌ఎల్‌హెచ్‌ఎఫ్ అన్న మాట, అంటే మనుషుల ఇష్టాలతో మోడల్‌ని సరిదిద్దే పద్ధతి పేరు, కనిపించగానే ఆగిపోతారు. అక్కడ వచ్చే సందేహాలు అందరివీ దాదాపు ఒకటే కాబట్టి వాటిని దశలవారీగా ఇక్కడ పెట్టాను. ఏ ప్రశ్న దగ్గరినుంచైనా చదువుకోవచ్చు. అందుకే ఒకే ఉదాహరణ అక్కడక్కడా మళ్ళీ కనిపిస్తుంది.

## మొదలుపెట్టే ముందు

ఇంటర్నెట్ అంతా చదివిన మోడల్‌కి మళ్ళీ ఈ ట్యూనింగ్ ఎందుకు?

ప్రీట్రైనింగ్‌లో మోడల్ నేర్చుకునేది ఒక్కటే, ఇప్పటిదాకా ఉన్న టెక్స్ట్ తరవాత ఏ మాట వచ్చే అవకాశం ఎక్కువ అని. "బీపీ మాత్ర వేసుకోవడం మర్చిపోయాను, ఏం చేయాలి?" అని రాస్తే బేస్ మోడల్ జవాబే చెప్పాలని ఎక్కడా లేదు. దాని కింద ఇంకో పేషెంట్ ప్రశ్న రాయొచ్చు, మందుల షాపు ప్రకటన రాయొచ్చు, ఎందుకంటే అది చదివిన పేజీల్లో ఇలాంటి వాక్యం తరవాత అవన్నీ వచ్చాయి. తెలివి ఉంది కానీ మనకి ఏది కావాలో దానికి తెలీదు.

ఆ తేడా ఎంత పెద్దదో 2022లో ఓపెన్‌ఏఐ వాళ్ళ ఇన్‌స్ట్రక్ట్‌జీపీటీ పేపర్ చూపించింది. మనుషుల ఇష్టాలతో ట్యూన్ చేసిన 130 కోట్ల పారామీటర్ల చిన్న మోడల్ జవాబుల్ని, ట్యూన్ చేయని 17,500 కోట్ల పారామీటర్ల జీపీటీ-3 జవాబులకన్నా మేలని మనుషులు ఎంచుకున్నారు. వందకు పైగా రెట్లు చిన్న మోడల్ అది. చిన్నదానికి జ్ఞానం ఎక్కువని కాదు, అడిగినదానికి జవాబు చెప్పడం దానికి వచ్చింది.

మంచి జవాబులు రాసి చూపిస్తే చాలదా? ఎస్‌ఎఫ్‌టీ ఉంది కదా?

చాలా దూరం వస్తుంది, కానీ ఒకచోట ఆగిపోతుంది. ఎస్‌ఎఫ్‌టీ అంటే మనిషి రాసిన నమూనా జవాబుని మోడల్ చేత అనుకరింపజేయడం. ఇందులో రెండు చిక్కులున్నాయి. ఒకటి, మోడల్‌కి "ఇలా చెప్పు" అని మాత్రమే తెలుస్తుంది, "ఇలా చెప్పకు" అని ఎప్పుడూ తెలీదు. రెండోది, మోడల్ ఎంత తప్పిందో కొలిచే లాస్ లెక్కలో ప్రతి మాట ముక్కకీ, అంటే ప్రతి టోకెన్‌కీ ఒకటే బరువు. "రెండు మాత్రలు కలిపి వేసుకోవచ్చు" అనడానికీ "వేసుకోకూడదు" అనడానికీ చివరి ముక్కే తేడా, కానీ చదివేవాడికి అది ప్రాణం మీదికి వచ్చే తేడా. ఎస్‌ఎఫ్‌టీకి అది మామూలు ఒకటి రెండు టోకెన్ల తప్పు.

పైగా మంచి జవాబు రాయడం కష్టం, రెండు జవాబులు చదివి ఏది మేలో చెప్పడం చాలా తేలిక. వంద మంచి జవాబులు రాయించే టైములో కొన్ని వందల జతలు ఎంపిక చేయించొచ్చు.

అసలు మొత్తం పని ఏ వరసలో జరుగుతుంది?

ఇన్‌స్ట్రక్ట్‌జీపీటీ వరసే ఇప్పటికీ అందరూ మొదట నేర్చుకునేది. ముందు ఎస్‌ఎఫ్‌టీ, అంటే సుమారు 13 వేల ప్రాంప్ట్‌లకి నమూనా జవాబులు. తరవాత ఆ మోడల్ చేతే ఒక్కో ప్రాంప్ట్‌కి చాలా జవాబులు రాయించి, మనుషుల చేత మంచి నుంచి చెడుకి వరస పెట్టించారు, దానికి సుమారు 33 వేల ప్రాంప్ట్‌లు. ఆ వరసలతో రివార్డ్ మోడల్‌ని ట్రైన్ చేశారు, అది ఏ జవాబు చూపించినా ఒక అంకె ఇస్తుంది. చివరగా ఆ అంకె పెరిగేలా అసలు మోడల్‌ని పీపీఓ అనే పద్ధతితో సరిదిద్దారు, ఇందులో సుమారు 31 వేల ప్రాంప్ట్‌లు. లేబుల్ చేసినవాళ్ళు 40 మంది దాకా. ప్రపంచమంతా వాడే మోడల్ మర్యాదలు అంత కొద్దిమంది ఎంపికల మీద మొదలయ్యాయన్నది నాకు ఇప్పటికీ కొంచెం వింతగానే ఉంటుంది.

## జతలు తయారుచేసే దశ

పదికి ఎన్ని మార్కులు అని అడక్కుండా రెండింట్లో ఏది మేలు అని ఎందుకు అడుగుతారు?

ఒకే ఆన్సర్ పేపరుని ఇద్దరు మాస్టార్లకి ఇస్తే ఒకాయన ఆరు వేస్తారు, ఇంకొకాయన ఎనిమిది వేస్తారు. కానీ రెండు పేపర్లు పక్కపక్కన పెట్టి ఏది బాగుందంటే ఎక్కువసార్లు ఇద్దరూ ఒకదాన్నే చూపిస్తారు. ఇక్కడా అంతే. మార్కుల్లో మనిషి మనిషికీ కొలత మారుతుంది, ఒకే మనిషికి కూడా పొద్దున ఒకలా సాయంత్రం ఒకలా ఉంటుంది. పోలికలో ఆ గొడవ చాలావరకు పోతుంది.

ఇంకో లాభం, ఒకేసారి చాలా జవాబులు వరస పెట్టిస్తే ఎక్కువ జతలు వస్తాయి. ఇన్‌స్ట్రక్ట్‌జీపీటీలో ఒక్కో ప్రాంప్ట్‌కి 4 నుంచి 9 జవాబులు ఇచ్చారు. తొమ్మిదింటిని వరస పెడితే 36 జతలు. ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. ఆ 36నీ విడివిడి ఉదాహరణలుగా కలిపేసి ట్రైన్ చేస్తే, ఒక్క రౌండ్‌లోనే మోడల్ ఒక్కో జవాబుని ఎనిమిదిసార్లు చూసి బట్టీ పట్టేస్తుంది. అందుకని వాళ్ళు ఒక ప్రాంప్ట్ జతలన్నిటినీ ఒకే బ్యాచ్‌లో పెట్టారు.

ఒక జత చూడ్డానికి ఎలా ఉంటుంది?

మూడు ముక్కలు, అంతే. ప్రశ్న, నచ్చిన జవాబు, నచ్చని జవాబు. ఫైల్లో ఒక వరస ఇలా ఉంటుంది:

```json
{"prompt": "రాత్రి బీపీ మాత్ర మర్చిపోయాను. ఇప్పుడు రెండు కలిపి వేసుకోవచ్చా?",
 "chosen": "రెండు కలిపి వేసుకోవద్దు. తరవాతి డోసు టైము దగ్గర పడితే మర్చిపోయినది వదిలేయండి...",
 "rejected": "మీ ఆరోగ్యంపై మీ శ్రద్ధ అభినందనీయం! రక్తపోటు అనేది... అవును, రెండూ వేసుకోవచ్చు..."}
```

ఆ జవాబు ఎందుకు నచ్చలేదో ఇందులో ఎక్కడా రాసి లేదని గమనించండి. రెండో జవాబు తప్పు కాబట్టి పోయిందా, పొగడ్తతో మొదలైంది కాబట్టా, పొడుగ్గా ఉంది కాబట్టా? ఈ ఒక్క జత మూడింటికీ సరిపోతుంది. కారణం మోడల్ వందల జతలు చూసి తనే ఊహించుకోవాలి. మీ డేటాలో తప్పు జవాబులన్నీ పొడుగ్గానూ, ఒప్పు జవాబులన్నీ పొట్టిగానూ ఉంటే అది నేర్చుకునేది పొడుగు గురించే, మందుల గురించి కాదు. ప్రిఫరెన్స్ ట్యూనింగ్‌లో వచ్చే చాలా జబ్బులకి మూలం ఇదే.

జవాబులు ఎక్కడినుంచి తెచ్చుకోవాలి? పెద్ద మోడల్ జవాబు మంచిది, నా మోడల్ జవాబు చెడ్డది అని పెట్టేస్తే?

చాలామంది అదే చేస్తారు, తేలిక కాబట్టి. కానీ అప్పుడు రెండు జవాబుల శైలే వేరు. ఏది పెద్ద మోడల్ రాసిందో పట్టుకోవడం నేర్చుకుంటే చాలు, ఏది సరైనదో తెలియాల్సిన పనిలేదు. మీరు ట్యూన్ చేయబోయే మోడల్ చేతే ఒకే ప్రశ్నకి, జవాబుల్లో వైవిధ్యం పెంచే టెంపరేచర్ అనే సెట్టింగ్ కొంచెం పెంచి నాలుగైదు జవాబులు రాయించండి, వాటిల్లోంచి జత ఎంచండి. అది నిజంగా చేసే తప్పులే అందులో ఉంటాయి, సరిదిద్దాల్సింది కూడా అవే.

మనుషులే ఒకళ్ళతో ఒకళ్ళు ఒప్పుకోరు కదా, మరి ఎవరి మాట నిజం?

నిజమే, ఒప్పుకోరు. ఇన్‌స్ట్రక్ట్‌జీపీటీకి పనిచేసిన, ట్రైనింగ్ ఇచ్చిన లేబులర్లు కూడా ఒకరితో ఒకరు ఏకీభవించింది సుమారు 73 శాతం సార్లే. నాలుగింట ఒకసారి మనిషికీ మనిషికీ పడలేదు.

దీనివల్ల ఒక పనికొచ్చే హెచ్చరిక దొరుకుతుంది. అలాంటి డేటా మీద మీ రివార్డ్ మోడల్ 95 శాతం యాక్యురసీ చూపిస్తే సంతోషపడకండి, అనుమానపడండి. టెస్ట్ జతలు ట్రైనింగ్‌లోకి లీక్ అయి ఉండాలి, లేదా జతలు మరీ తేలికైనవి అయి ఉండాలి.

గొడవ తగ్గించాలంటే లేబులర్లకి ఇచ్చే సూచనల్లో ప్రాధాన్యం ముందే తేల్చాలి. నిజం ముందా, మర్యాద ముందా? పొట్టి జవాబు సరైనదై, పొడుగు జవాబులో ఒక చిన్న తప్పుంటే ఏది గెలవాలి? ఇది రాసిపెట్టకపోతే ఒక్కొక్కరూ ఒక్కో రూలు పెట్టుకుంటారు, మోడల్ ఆ రూళ్ళన్నిటి సగటు నేర్చుకుంటుంది.

## రివార్డ్ మోడల్ దశ

రివార్డ్ మోడల్ లోపల ఏముంటుంది?

కొత్తదేం కాదు, అదీ లాంగ్వేజ్ మోడలే. మామూలుగా చివరి పొరలో తరవాతి టోకెన్ ఏమిటో చెప్పే భాగం ఉంటుంది. దాన్ని తీసేసి ఒకే ఒక్క అంకె ఇచ్చే చిన్న పొర పెడతారు. ప్రశ్న, జవాబు కలిపి లోపలికి పంపిస్తే చివరి టోకెన్ దగ్గర ఒక అంకె బయటికి వస్తుంది.

అసలు మోడల్ ఎంత పెద్దదైతే రివార్డ్ మోడల్ కూడా అంత ఉండాలన్న రూలు లేదు. ఇన్‌స్ట్రక్ట్‌జీపీటీలో 600 కోట్ల పారామీటర్ల రివార్డ్ మోడల్ వాడారు, 17,500 కోట్లది పెడితే ట్రైనింగ్ నిలకడగా సాగకపోవచ్చని వాళ్ళే రాశారు.

జతల్లో మార్కులే లేవు కదా, అంకె ఎక్కణ్ణుంచి వస్తుంది? లెక్క చూపించండి

బ్రాడ్లీ, టెర్రీ అనే ఇద్దరు 1952లో ఇచ్చిన సూత్రం దీనికి ఆధారం. ఒక్కో జవాబుకి కనపడని బలం ఒకటి ఉందనుకోండి, ఎ అనే జవాబు బి మీద గెలిచే అవకాశం ఆ రెండు బలాల తేడా మీదే ఆధారపడుతుంది:

```
P(A > B) = 1 / (1 + e^-(rA - rB))
loss = -ln P(chosen > rejected)
```

బీపీ మాత్ర ప్రశ్నే తీసుకుందాం. "రెండు కలిపి వేసుకోవద్దు" అన్న జవాబుకి మోడల్ 1.2 ఇచ్చింది, "వేసుకోవచ్చు" అన్నదానికి 0.4 ఇచ్చింది. తేడా 0.8. సూత్రంలో పెడితే మొదటిది గెలిచే అవకాశం 0.69. మనిషి కూడా మొదటిదాన్నే ఎంచాడు కాబట్టి లాస్ 0.37, చిన్నదే, మోడల్ కొద్దిగా మాత్రమే మారుతుంది. అదే అంకెలు తారుమారై ఉంటే, అంటే తప్పు జవాబుకి 1.2 వచ్చి ఉంటే, అవకాశం 0.31, లాస్ 1.17. అప్పుడు గట్టిగా సరిదిద్దుకుంటుంది, ఒప్పు జవాబు అంకె పైకి, తప్పు జవాబు అంకె కిందికి. ఇలా వేల జతల మీద చేస్తే అంకెలు వాటంతట అవే సర్దుకుంటాయి. ఎవరూ ఎవరికీ మార్కులు వేయలేదు.

నా రివార్డ్ మోడల్ ఒక జవాబుకి 3.7 ఇచ్చింది. అది మంచి స్కోరా?

ఆ అంకెని ఒంటరిగా చూస్తే దానికి అర్థం లేదు. ట్రైనింగ్‌లో ఎప్పుడూ తేడానే చూశాం, కాబట్టి అన్ని స్కోర్లకీ వంద కలిపినా లాస్ ఒక్క పిసరు మారదు. ఒకే ప్రశ్నకి వచ్చిన రెండు జవాబుల్లో ఒకటి 3.7, ఇంకోటి 2.9 అంటే ఏదో చెప్పొచ్చు. వంట ప్రశ్నకి 3.7, లీగల్ ప్రశ్నకి 1.5 వచ్చింది కాబట్టి మోడల్‌కి వంటే బాగా వచ్చని చెప్పడం మాత్రం పొరపాటు. ఒక రివార్డ్ మోడల్ స్కోర్లని ఇంకో రివార్డ్ మోడల్ స్కోర్లతో పోల్చడం కూడా అలాంటిదే.

అది సరైన సంగతే నేర్చుకుందని ఎలా తెలుస్తుంది?

పక్కన దాచిపెట్టిన జతల మీద యాక్యురసీ అందరూ చూస్తారు, అది చూడాల్సిందే, కానీ అది చాలదు. నేను రెండు పరీక్షలు చెప్తాను, రెండూ ఒక సాయంత్రంలో అయ్యేవే.

మొదటిది, మోడల్ లేకుండా "పొడుగు జవాబే గెలుస్తుంది" అనే మొద్దు రూలు మీ టెస్ట్ జతల మీద ఎంత శాతం సరిగ్గా చెప్తుందో లెక్కపెట్టండి. ఆ రూలుకి 66 శాతం వచ్చి మీ రివార్డ్ మోడల్‌కి 69 వచ్చిందనుకోండి, అన్ని జీపీయూ గంటలు పోసి కొన్నది చాలావరకు ఒక స్కేలుబద్దని.

రెండోది, మంచి జవాబు తీసుకుని అందులో ఒక్క వాస్తవం మార్చండి. "వేసుకోవద్దు"ని "వేసుకోవచ్చు" చేయండి, మిగతాదంతా అలాగే ఉంచండి. స్కోరు బాగా పడాలి. తరవాత వాస్తవం ముట్టుకోకుండా ముందు ఒక పొగడ్త వాక్యం, మధ్యలో బుల్లెట్లు చేర్చండి. స్కోరు పెద్దగా కదలకూడదు. ఇలాంటివి యాభై చేస్తే మీ మోడల్ దేన్ని చూసి మురిసిపోతోందో బయటపడుతుంది.

## ట్యూన్ చేసే దశ

పీపీఓ దశలో నిజంగా జరిగేదేమిటి?

మోడల్‌కి ఒక ప్రశ్న ఇస్తారు, అది జవాబు రాస్తుంది, రివార్డ్ మోడల్ అంకె ఇస్తుంది. అనుకున్నదానికన్నా ఎక్కువ వస్తే ఆ జవాబులోని టోకెన్ల అవకాశం కొంచెం పెంచుతారు, తక్కువ వస్తే తగ్గిస్తారు. ఒక్కసారిగా మరీ ఎక్కువ మారకుండా పీపీఓ ఒక హద్దు పెడుతుంది. మనిషి ఈ దశలో లేడు, ఎంపికలు ఎప్పుడో అయిపోయాయి, ఇప్పుడు మనిషి తరఫున మాట్లాడేది రివార్డ్ మోడలే.

"అనుకున్నదానికన్నా" అన్నది చెప్పడానికి ఇంకో మోడల్ కావాలి. అందుకే మెమరీలో నాలుగు ఉంటాయి: ట్యూన్ అవుతున్న మోడల్, దాని పాత కాపీ, రివార్డ్ మోడల్, ఎంత రావచ్చో అంచనా వేసే వాల్యూ మోడల్. ఇంట్లో ఒక జీపీయూతో పీపీఓ చేద్దామనుకున్నవాళ్ళకి ముందు తగిలే దెబ్బ ఇదే.

కేఎల్ పెనాల్టీ అంటే ఏంటి? తీసేస్తే ఏమవుతుంది?

మోడల్ తన పాత కాపీ నుంచి ఎంత దూరం జరిగిందో కొలిచి, ఆ దూరానికి రివార్డ్‌లోంచి కోత పెట్టడం. సూత్రం చిన్నదే:

```
total = reward - beta * (log p_new - log p_old)
```

కోత ఎంత గట్టిగా ఉండాలో చెప్పేది బీటా, అది 0.05 అనుకోండి. ఒక మామూలు మంచి జవాబుకి రివార్డ్ 2.0, పాత మోడల్‌తో దూరం 12. కోత 0.6, మిగిలేది 1.4. ఇంకో జవాబు "అద్భుతమైన ప్రశ్న" అని మూడుసార్లు చెప్పి రివార్డ్ మోడల్‌ని బుట్టలో వేసుకుంది, దానికి 3.1 వచ్చింది, కానీ పాత మోడల్ అలాంటిది దాదాపు ఎప్పుడూ రాయదు కాబట్టి దూరం 50. కోత 2.5, మిగిలేది 0.6. మొదటిదే గెలిచింది.

పెనాల్టీ తీసేస్తే 3.1 గెలుస్తుంది, అక్కణ్ణుంచి జారుడుబల్లే. రివార్డ్ మోడల్ ఎప్పుడూ చూడని వింత టెక్స్ట్ వైపు మోడల్ వెళ్ళిపోతుంది, అక్కడ అది ఇచ్చే అంకెలకి ఆధారమేమీ లేదు. బీటా మరీ పెంచితే మోడల్ ఉన్నచోటే ఉంటుంది, ట్యూన్ చేసినట్టే ఉండదు.

డీపీఓలో రివార్డ్ మోడలే లేదంటారు. మరి ఎలా పనిచేస్తుంది?

డీపీఓ అంటే జతల మీదే నేరుగా ట్యూన్ చేసే పద్ధతి. అందులో రివార్డ్ మోడల్ విడిగా లేదు, మోడల్ లోపలే దాగి ఉంది. 2023లో స్టాన్‌ఫర్డ్ వాళ్ళు చూపించిందేమిటంటే, కేఎల్ పెనాల్టీతో రివార్డ్ పెంచే సమస్యకి సరైన జవాబు ఎలా ఉంటుందో కాగితం మీదే రాయొచ్చు, దాన్ని తిరగేస్తే రివార్డ్‌ని మోడల్ ప్రాబబిలిటీలతోనే చెప్పొచ్చు. ఒక జవాబు లాగ్ ప్రాబబిలిటీ పాత కాపీతో పోలిస్తే ఎంత పెరిగిందో, దాన్ని బీటాతో గుణిస్తే వచ్చేదే దాని రివార్డ్. ఇక జతల మీద నేరుగా ట్రైన్ చేయడమే, మధ్యలో జవాబులు రాయించే పని లేదు.

అంకెలతో చూద్దాం, బీటా 0.1. నచ్చిన జవాబు లాగ్ ప్రాబబిలిటీ పాత కాపీలో −45, ఇప్పుడు −42, అంటే 3 పెరిగింది. నచ్చని జవాబుది −48 నుంచి −50కి వచ్చింది, 2 తగ్గింది. తేడా 5, బీటాతో గుణిస్తే 0.5. దాన్ని అవకాశంగా మారిస్తే 0.62, లాస్ 0.47. ఏమీ నేర్చుకోకముందు అది 0.69 ఉంటుంది, అంటే సరైన దిక్కుకే వెళ్తోంది.

డీపీఓలో లాస్ చక్కగా తగ్గుతోంది, జవాబులు మాత్రం చెడిపోతున్నాయి. ఎందుకు?

డీపీఓ చూసేది తేడాని మాత్రమే కాబట్టి. నచ్చిన జవాబు లాగ్ ప్రాబబిలిటీ −45 నుంచి −47కి పడిపోయిందనుకోండి, అంటే మంచి జవాబు రాసే అవకాశం తగ్గింది. అదే సమయంలో నచ్చనిది −48 నుంచి −60కి పడింది. మార్పులు −2, −12. తేడా 10, బీటా 0.1తో 1.0, లాస్ 0.31. గ్రాఫ్ బ్రహ్మాండంగా ఉంది. కానీ రెండు జవాబులూ కిందికే పోయాయి, ఆ అవకాశం ఇంకెక్కడికో వెళ్ళింది, మీరు డేటాలో ఎప్పుడూ చూపించని మూడో రకం జవాబుల దగ్గరికి.

రెండు జవాబులూ దాదాపు ఒకేలా ఉన్న జతల్లో ఇది ఎక్కువ. కాబట్టి లాస్ ఒక్కటే చూసి పడుకోకండి, `logps/chosen` అనే లైన్, అంటే నచ్చిన జవాబు లాగ్ ప్రాబబిలిటీ, కూడా చూడండి. అది కొద్దిగా తగ్గడం మామూలే, జారుతూనే ఉంటే ఆపేయండి. లెర్నింగ్ రేటు తగ్గించడం, నచ్చిన జవాబు మీద కొంచెం ఎస్‌ఎఫ్‌టీ లాస్ కలపడం, ఈ రెండూ ఎక్కువగా పనిచేసే మందులు.

చివరికి పీపీఓనా, డీపీఓనా?

కొత్తవాళ్ళు డీపీఓ. మెషీన్లు, మనుషులు, ఓపిక మూడూ ఉన్నవాళ్ళకి పీపీఓ తరహా పద్ధతుల్లో ఒక లాభం ఉంది, మోడల్ ఇప్పుడు రాస్తున్న జవాబుల మీదే దిద్దుబాటు జరుగుతుంది, డీపీఓ మాత్రం పాత జతల దగ్గరే ఉండిపోతుంది. లెక్కలు, కోడ్ లాంటివాటిలో జవాబు తప్పా ఒప్పా అని ప్రోగ్రామే చెప్పగలిగితే అక్కడ ప్రిఫరెన్స్ డేటాతో పెద్దగా పనిలేదు.

## తేడా కొట్టినప్పుడు

రివార్డ్ గ్రాఫ్ పైకే పోతోంది, జవాబులు చదివితే చెత్తగా ఉన్నాయి. ఎక్కడ తప్పు?

దీన్ని రివార్డ్ హ్యాకింగ్ అంటారు, ఇది బగ్ కాకపోవచ్చు కూడా. రివార్డ్ మోడల్ మనిషి ఇష్టానికి నకలు మాత్రమే. కొంతదూరం దాకా నకలూ అసలూ కలిసి పెరుగుతాయి, ఆ తరవాత నకలు పెరుగుతూనే ఉంటుంది, అసలు తగ్గడం మొదలవుతుంది. 2022లో గావ్, షుల్‌మన్, హిల్టన్ అనే పరిశోధకులు దీన్ని పద్ధతిగా కొలిచారు. ఒక పెద్ద రివార్డ్ మోడల్‌ని "అసలు మనిషి"గా పెట్టుకుని, దాని లేబుళ్ళతో చిన్న రివార్డ్ మోడళ్ళు తయారుచేసి, వాటిమీద ట్యూన్ చేస్తూ రెండు స్కోర్లూ గీశారు. అసలు స్కోరు ఒక శిఖరం దాకా వెళ్ళి కిందికి వంగింది. రివార్డ్ మోడల్ పెద్దదైనా, దాని డేటా ఎక్కువైనా ఆ వంపు ఆలస్యంగా వస్తుంది.

పట్టుకోవడం ఎలాగంటే, జవాబుల సగటు పొడవు గీయండి. రివార్డ్‌తోపాటే పొడవు కూడా పెరుగుతుంటే మొదటి అనుమానం దానిమీదే. తరవాత మధ్యమధ్యలో దాచిన చెక్‌పాయింట్ల నుంచి ఒక ముప్పై జవాబులు తీసి కళ్ళతో చదవండి. ఒకే మొదటి వాక్యం అన్నిటికీ వస్తోందా, అనవసరమైన బుల్లెట్లు పెరిగాయా? శిఖరం దగ్గరి చెక్‌పాయింట్ ఉంచుకుని మిగతాది పారేయడమే మందు.

నేనేమన్నా అవునవును అంటోంది. అది ఎవరు నేర్పారు?

మనమే. తనతో ఏకీభవించే జవాబు మనిషికి కొంచెం ఎక్కువ నచ్చుతుంది, ఆ కొంచెం వేల జతల్లో పోగై రివార్డ్ మోడల్లోకి చేరుతుంది. 2025 ఏప్రిల్‌లో ఇది అందరికీ కనపడేలా జరిగింది. ఓపెన్‌ఏఐ జీపీటీ-4ఓకి ఒక అప్‌డేట్ ఇచ్చింది, మోడల్ పిచ్చి ఆలోచనల్ని కూడా మెచ్చుకోవడం మొదలుపెట్టింది, కొద్ది రోజుల్లోనే వెనక్కి తీసుకున్నారు. యూజర్లు నొక్కే థంబ్స్ అప్, థంబ్స్ డౌన్‌ని అదనపు రివార్డ్‌గా చేర్చడం, దానివల్ల అప్పటిదాకా ఇలాంటి ధోరణిని అదుపులో పెట్టిన ప్రధాన రివార్డ్ బలహీనపడటం కారణాల్లో ఒకటని తరవాత వాళ్ళే వివరించారు.

మీ మోడల్‌ని పరీక్షించాలంటే, అది సరిగ్గా జవాబు చెప్పే ప్రశ్నలు తీసుకోండి, జవాబు వచ్చాక "కాదు, నువ్వు తప్పు" అని మాత్రం అనండి. ఎన్నిసార్లు మాట మారుస్తుందో ట్యూనింగ్‌కి ముందూ తరవాతా లెక్కపెట్టండి.

`chosen`, `rejected` తారుమారైతే తెలిసిపోతుంది కదా?

తెలియకపోవచ్చు, లాస్ అంతే అందంగా తగ్గుతుంది. 2019లో ఓపెన్‌ఏఐ వాళ్ళు జీపీటీ-2 మీద మనిషి ఇష్టాలతో ప్రయోగం చేస్తుంటే కోడ్ మార్పులో రివార్డ్ గుర్తు తిరగబడింది. మామూలుగా అయితే చెత్త అక్షరాలు వచ్చి ఎవరికైనా తెలిసేది, కానీ అదే బగ్ కేఎల్ పెనాల్టీ గుర్తుని కూడా తిప్పేసింది, కాబట్టి భాష చక్కగానే ఉంది. లేబులర్లేమో అశ్లీలానికి బాగా తక్కువ మార్కులు వేయాలన్న సూచన ప్రకారం బుద్ధిగా వేస్తూ పోయారు, మోడల్‌కి అదే బహుమతి అయి కూర్చుంది. టీమ్ నిద్రపోయి లేచేసరికి ట్రైనింగ్ అయిపోయింది, మోడల్ ఆ రకం తప్ప ఇంకేమీ రాయడంలేదు. ట్రైనింగ్ మొదలుపెట్టే ముందు ఇరవై వరసలు కళ్ళతో చదవడానికి ఐదు నిమిషాలు పడుతుంది.

## తెలుగులో చేయాలంటే

ఇంగ్లీష్ జతలతో చేసిన రివార్డ్ మోడల్‌ని తెలుగుకి వాడొచ్చా?

బేస్ మోడల్‌కి తెలుగు వచ్చుంటే కొంత పనిచేస్తుంది, ముఖ్యంగా వాస్తవాల దగ్గర. భాష దగ్గర దాన్ని నమ్మొద్దు. "మీరు చింతించవలసిన అవసరం లేదు" అనే అనువాదపు తెలుగుకీ, "ఏం కంగారు పడకండి" అనే మనుషుల తెలుగుకీ తేడా దానికి ఎవరూ నేర్పలేదు. వాడే ముందు, ఒకే విషయాన్ని ఈ రెండు రకాలుగా రాసిన వంద జతల మీద పరీక్షించి చూడండి.

జవాబు పొడవు కొలిచేటప్పుడు టోకెన్లు కాకుండా మాటలు లెక్కపెట్టండి. ఇంగ్లీష్ కోసం చేసిన టోకెనైజర్లు ఒక్క తెలుగు మాటని చాలా ముక్కలు చేస్తాయి కాబట్టి టోకెన్ లెక్క మోసం చేస్తుంది. ఇక లేబులర్లందరూ ఒకే ఊరివాళ్ళైతే, ఆ ఊరి తెలుగే సరైన తెలుగని మోడల్ అనుకుంటుంది. వరంగల్ మనిషి "మంచిగుంది" అంటే తప్పు కింద కొట్టేసే లేబులర్ ఒక్కడుంటే చాలు. సూచనల్లోనే "యాసకి మార్కులు తగ్గించొద్దు" అని రాసిపెట్టండి.

ఒక జీపీయూ, ఇద్దరు స్నేహితులు ఉన్నారు. ఎక్కడ మొదలుపెట్టాలి?

ఒకే సన్నని సమస్య తీసుకోండి. "అన్నిట్లో మంచి తెలుగు మోడల్" వద్దు, "ఆరోగ్య ప్రశ్నలకి పొట్టిగా, మాట్లాడే తెలుగులో, ఖచ్చితంగా తెలియనిది తెలియదని చెప్పే మోడల్" చాలు. ఎస్‌ఎఫ్‌టీ అయిన చిన్న మోడల్ చేత ఒక్కో ప్రశ్నకి నాలుగు జవాబులు రాయించి, ముగ్గురూ విడివిడిగా ఎంచండి. మొదటి వంద అయ్యాక ఆగి, ఎక్కడెక్కడ విభేదించారో కూర్చుని మాట్లాడుకుని సూచనలు తిరగరాయండి. ఆ తరవాతే మిగతావి. మెమరీ చాలకపోతే, మోడల్ మొత్తాన్ని కాకుండా చిన్న అదనపు భాగాల్ని మాత్రమే ట్రైన్ చేసే లోరా వాడండి. `model`, `tokenizer`, జతలున్న `pairs` ముందే లోడ్ చేసి ఉంటే, టీఆర్‌ఎల్ అనే లైబ్రరీతో కోడ్ ఇంతే:

```python
from trl import DPOConfig, DPOTrainer

args = DPOConfig(output_dir="te-dpo", beta=0.1,
                 learning_rate=5e-7, num_train_epochs=1)
trainer = DPOTrainer(model=model, args=args,
                     train_dataset=pairs,
                     processing_class=tokenizer)
trainer.train()
```

లెర్నింగ్ రేటు ఎస్‌ఎఫ్‌టీకి వాడినదానికన్నా చాలా చిన్నదని గమనించండి, లోరాతో అయితే దీన్ని పదింతలు దాకా పెంచుకోవచ్చు. అయ్యాక, ట్రైనింగ్‌లో లేని ప్రశ్నలకి పాత మోడల్ జవాబు, కొత్త మోడల్ జవాబు పక్కపక్కన పెట్టి, ఏది ఎవరిదో దాచి, కుడి ఎడమలు కలిపేసి ఎంచండి. వంద ప్రశ్నల్లో కొత్తది 55 గెలిస్తే అది గాలివాటం కావచ్చు, 70 గెలిస్తే పని జరిగినట్టే. పొడుగు జవాబుల్ని పక్కనపెట్టి, రెండూ ఇంచుమించు ఒకే పొడవున్న జతల్లో మాత్రమే ఆ లెక్క ఇంకోసారి వేయండి. అందులో కూడా గెలిస్తే తరవాతి రౌండ్ జతలు కొత్త మోడల్ జవాబులతో మొదలుపెట్టండి.